ఏడు నిమిషాల వీడియో, నాలుగు నెలలు: చెక్కు బౌన్స్ మీద మేం తీసిన వీడియో కథ

హనుమకొండలో అదాలత్ దగ్గర నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో వీడియోలు, మిగతా రోజుల్లో పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు. కోర్టుకు దగ్గర కాబట్టి రోజూ నల్లకోట్లు కనబడతాయి, అఫిడవిట్లు జిరాక్సు చేస్తూనే ఉంటాను. అయినా నాకు ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఈ వీడియో అక్కడి నుంచే పుట్టింది.

2024 నవంబరులో ఒక పెళ్ళి ఆల్బమ్, వీడియో పని తాలూకు 35,000 రూపాయలకు ఒకాయన చెక్కు ఇచ్చాడు. చెక్కు మీద తేదీ నవంబరు 4. ఎనిమిదో తారీఖున బౌన్స్ అయింది. ఫోన్ చేస్తే "రేపు వేస్తా అన్నా", "ఎల్లుండి పక్కా" అన్నాడు. పెళ్ళివాళ్ళతో గొడవెందుకని ఊరుకున్నాను. సంక్రాంతి పోయింది, మేడారం మినీ జాతర కూడా పోయింది. 2025 ఫిబ్రవరి 20న మా బావకు చెప్పాను. బావ అంటే మా అక్క భర్త, లాయరు. చెక్కు అటూ ఇటూ తిప్పి చూసి, "బామ్మర్దీ, బౌన్స్ అయినట్టు తెలిసినంక పైసలు కట్టుమనే నోటీసు ముప్పై రోజుల్లో పోవాలె. నువ్వు మూడు నెలలు దాటించినవ్" అన్నాడు.

కోర్టులో ఆలస్యం మన్నించమని అడగొచ్చు కదా అన్నాను. కేసు వేయడంలో ఆలస్యమైతే తగిన కారణం చూపి అడగొచ్చట, దానికి చట్టంలోనే దారి ఉంది. నోటీసు ఆలస్యానికి ఆ దారి లేదు. ఆయన తర్వాత చెప్పిన మాట విని ఇంకా బాధేసింది. చెక్కు మూడు నెలలు చెల్లుతుంది. ఫిబ్రవరి మొదట్లోనే వచ్చి ఉంటే అదే చెక్కు మళ్ళీ బ్యాంకులో వేయించేవాడట. మళ్ళీ బౌన్స్ అయితే ఆ రోజు నుంచి కొత్తగా ముప్పై రోజులు దొరికేవి. నేను రెండు వారాలకు పైనే లేటు. సివిల్ దావాకు మూడేళ్ళ టైము ఉంది కానీ 35,000 కోసం ఎవరు తిరుగుతారు? ఆ పెద్దమనిషి చివరికి 10,000 ఇచ్చాడు, మిగతాది పోయినట్టే.

ఆ రాత్రి అక్క వాళ్ళింట్లో అన్నం తింటూ, "కెమెరా నాది, నోరు నీది, దీని మీద ఒక వీడియో తీద్దాం బావా" అన్నాను. ఆయన నవ్వి, ఆలోచిస్తా అన్నాడు. ఒప్పుకోవడానికే పది రోజులు పట్టింది. వీడియోలో తన ఫోన్ నంబరు ఉండొద్దు, ఆఫీసు బోర్డు కనబడొద్దు, "సంప్రదించండి" అనే మాట రావద్దు అన్నాడు. వకీళ్ళు తమకు తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లో 36వ నియమం ఉందట. నేనైతే కింద ఆయన నంబరు స్క్రోలింగు వేద్దామనుకున్నాను, ఉచితంగా నాలుగు కేసులు వస్తాయని. "కేసులు గాదు, నా మీద కంప్లైంటు వస్తది" అన్నాడు. ఆయన నంబరు బదులు 15100 పెట్టాం. అది ఉచిత న్యాయసాయం హెల్ప్‌లైన్. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు, ఇంకా చట్టం చెప్పిన కొన్ని వర్గాలకు న్యాయసేవాధికార సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది.

మార్చి 9న మొదటి స్క్రిప్టు రాశాం. నేను యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి కొన్ని పాయింట్లు రాసుకెళ్ళాను. అందులో ఒకటి, "చెక్కు ఆరు నెలలు చెల్లుతుంది, నోటీసుకు పదిహేను రోజులు" అని. బావ రెండింటి మీదా గీత కొట్టాడు. నోటీసుకు పదిహేను రోజులు అన్నది 2003 ఫిబ్రవరి దాకా. ఆ తర్వాత ముప్పై అయింది. చెక్కు చెల్లుబాటును 2012 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు మూడు నెలలకు తగ్గించింది. తమాషా ఏంటంటే, చెక్కు బౌన్స్ కేసులు వేసే 138వ సెక్షన్‌లో ఇప్పటికీ "ఆరు నెలల్లోపు" అనే ఉంది. దాని పక్కనే "లేదా చెక్కు చెల్లుబాటు గడువులోపు, ఏది ముందైతే అది" అని కూడా ఉంది. సగం చదివినవాడు ఆరు నెలలే చెప్తాడు. ఆ పాత వీడియో తీసినవాడు అబద్ధం చెప్పలేదు. ఎప్పటిదో అచ్చు పుస్తకం చూసి చెప్పి ఉంటాడు. అప్పుడే, వీడియో మొదట్లోనే "2025 మే నాటి చట్టం ప్రకారం" అని తేదీ వెయ్యాలని అనుకున్నాం.

రెండో గొడవ పేరు గురించి. నేను "చెక్కు బౌన్స్ అయితే ఏం చెయ్యాలి?" అని పెట్టాను. ఆయన "ఏ చట్టం, ఏ పరిస్థితి, రెండూ పేరులోనే ఉండాలె" అన్నాడు. ఎందుకంటే చెక్కు పోయినా, సంతకం ఫోర్జరీ అయినా, ఇచ్చినవాడు చనిపోయినా జనం "చెక్కు సమస్య" అనే వెతుకుతారు. వాటికి ఇది పనికిరాదు. చివరికి పేరు ఇలా కుదిరింది: "మీకు రావాల్సిన బాకీకి ఇచ్చిన చెక్కు డబ్బు లేక వెనక్కి వచ్చిందా? నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881, సెక్షన్ 138". పొడుగ్గా ఉందని నేను గొణిగాను. థంబ్‌నెయిల్ మీద నేను ఎర్ర అక్షరాలతో "చెక్కు బౌన్స్ అయితే జైలే!" అని వేస్తే దాన్నీ తీయించాడు. సెక్షన్‌లో రెండేళ్ళ దాకా జైలు అన్న మాట ఉంది, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అన్న మాట కూడా ఉంది. "వచ్చినోళ్ళలో చానా మందికి కావాల్సింది జైలు గాదు, వాళ్ళ పైసలు. నువ్వు జైలు చూపిస్తే పైసల గడువు మర్చిపోతరు" అన్నాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట అప్పుడే నచ్చింది.

ఏప్రిల్ 13, ఆదివారం, షూటింగు. కోర్టు గేటు వెనక కనబడేలా రోడ్డు అవతల ట్రైపాడ్ పెట్టాను. పది నిమిషాల్లో డ్యూటీలో ఉన్నాయన వచ్చి, పర్మిషన్ ఉందా అని అడిగాడు. లేదు. మర్యాదగానే పంపించేశాడు. స్టూడియోకి వచ్చి నీలం తెర ముందు తీశాం. కొత్త కాలర్ మైకుకు 1,800 పెట్టాను. అయినా మధ్యాహ్నం కరెంటు పోతే పక్క షాపు జనరేటరు మోత అంతా దానిలోకే ఎక్కింది. ఏప్రిల్ 27న మళ్ళీ మొదటి నుంచి తీశాం.

చెక్కును దగ్గరగా చూపించాలి కదా. నా చేతిలో నా పాత చెక్కు ఉంది, ఇచ్చినాయన పేరు, ఖాతా నంబరు, సంతకం అన్నీ ఉన్నాయి. బ్లర్ చేద్దామనుకుంటే బావ ఒప్పుకోలేదు, ఒక్క ఫ్రేములో జారినా పరువు కేసు అన్నాడు. అందుకని తెల్లకాగితం మీద చెక్కు ఆకారం నేనే డిజైన్ చేసి, అడ్డంగా "నమూనా" అని అచ్చువేశాను. కింది తెల్ల గీతలో ఉండే అంకెల బదులు సున్నాలు వేశాను. చెక్కు వెనక్కి వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో కూడా అలాగే చేశాం. మెమోలో కారణం దగ్గర "ఫండ్స్ ఇన్‌సఫిషియంట్" అని రాసి, దాని మీద తేదీ, బ్యాంకు ముద్ర ఎక్కడుంటాయో వేలితో చూపించాడు. వీడియో మొత్తంలో జనం ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది ఆ పన్నెండు సెకన్లేనని తర్వాత గ్రాఫులో కనబడింది.

ఇక ఆ గమనిక. చివర్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో, "ఈ వీడియో కేవలం అవగాహన నిమిత్తం. దీనిని న్యాయ సలహాగా పరిగణించరాదు" అని మూడు సెకన్లు వేశాను. అందరూ అలాగే వేస్తారు, నేనూ వేశాను. దాని గురించి నేనూ ఆలోచించలేదు, బావ కూడా ఆ రోజు పెద్దగా పట్టించుకోలేదు.

మే 18న వీడియో పెట్టాం. మొదటి వారంలో 412 మంది చూశారు, అందులో సగం మా చుట్టాలే అనుకుంటా. కామెంట్లు మొదలయ్యాయి. "అన్నా, 420 పెట్టొచ్చా?" అనేవాళ్ళే ఎక్కువ. ఒకామె ఫైనాన్స్‌లో అప్పు తీసుకున్నప్పుడు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చిందట. వాళ్ళు ఇప్పుడు అందులో అంకె రాసుకుని బౌన్స్ చేయించారు, నా మీద కేసు నిలబడుతుందా అని అడిగింది. నాకు తెలిసినట్టే, "సెక్యూరిటీ చెక్కుకు 138 రాదు అక్కా, భయపడకండి" అని జవాబిచ్చాను. సాయంత్రం బావ చూసి ఫోన్‌లోనే కోపం చేశాడు. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కునైనా సరే, అది బాకీకి ఇచ్చిందేనని కోర్టు మొదట అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పిందట. కాదని చూపించే బరువు ఆమె మీదే పడుతుంది. అంటే ఆమెకు నోటీసు వస్తే జవాబు ఇవ్వాలి, ఊరికే కూర్చోకూడదు. నేను భయపడొద్దన్న మాట వల్ల ఆమె నోటీసు పక్కన పడేస్తే? జవాబు తీసేసి, "మీ కాగితాలతో వెంటనే లాయరును కలవండి" అని మళ్ళీ రాశాను. ఆమె మొదటి జవాబే చదివిందో, రెండోదీ చదివిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

అసలు సంగతి జూన్ 2న జరిగింది. తెలంగాణ ఆవిర్భావ దినం, సెలవు. షాపు సగం షట్టరు దించి ఉంటే నర్సంపేట వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన మనవడిని తీసుకుని వచ్చాడు. వాట్సాప్‌లో మా వీడియో చూసి, స్టూడియో పేరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌బుక్కు, మెమో, చెక్కు. చెక్కుకు మధ్యలో మడత, మడతలో కల్లం దుమ్ము.

12 క్వింటాళ్ళ మిర్చి కల్లం దగ్గరే ఒక బేరగాడికి అమ్మాడట. ఎనుమాముల దాకా బండి కిరాయి, హమాలీ, రెండు రోజుల పడిగాపులు ఎందుకని. 1,40,000 రూపాయలకు మార్చి 3 తేదీతో చెక్కు ఇచ్చాడు. "నేను చెప్పినంక వెయ్యి కాకా" అన్నాడట. చెప్పలేదు. మే 5న ఈయనే వేశాడు. మే 6న వెనక్కి వచ్చింది. 14న బ్యాంకుకు పోతే మెమో చేతికిచ్చారు.

"వీడియోల ముప్పై రోజులన్నరు గదా బిడ్డా. పద్నాలుగు నుంచి లెక్కవెట్టుకుంటే ఇంకా పదకొండు రోజులున్నయి. నాట్లు అయినంక వకీలు దగ్గరికి పోదామనుకున్న. ఇటు పనిమీద వచ్చినం, ఒకసారి కలుద్దామని" అన్నాడు.

నాకూ లెక్క సరిగ్గానే ఉందనిపించింది. మా వీడియోలో "బ్యాంకు నుంచి సమాచారం అందిన రోజు నుంచి ముప్పై రోజులు" అనే చెప్పాం. సమాచారం అందింది 14న కదా. సెలవు కాబట్టి బావ ఇంట్లోనే ఉన్నాడు. ఆటో ఎక్కించి తీసుకుపోయాను. బావ కాగితాలన్నీ చూసి, మనవడి వైపు తిరిగి, "తాత ఫోన్ ఇటియ్యి" అన్నాడు. మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ పోయాడు. గ్యాస్ మెసేజీ, రీచార్జీ మెసేజీ, మధ్యలో మే 6, మధ్యాహ్నం రెండున్నరకు, బ్యాంకు నుంచి ఇంగ్లీషులో ఒక మెసేజీ. చెక్కు రిటర్న్ అయిందని.

కాకకు ఆ మెసేజీ వచ్చిన సంగతే తెలియదు. ఆయన ఫోన్‌లో చదవని మెసేజీలు వందల్లో ఉన్నాయి. కానీ రేపు కోర్టులో అవతలి లాయరు, "నీకు ఆరో తారీఖునే సమాచారం అందింది" అని ఆ మెసేజీనే పట్టుకుంటాడు. వాదించొచ్చు, గెలవనూ వచ్చు. "గెలిచే వాదన మనకెందుకు, అసలు వాదనే లేకుండ జేసుకుందాం" అన్నాడు బావ. ఆరో తారీఖు నుంచి లెక్కేస్తే ముప్పయ్యో రోజు జూన్ 5. అంటే చేతిలో మూడు రోజులు. చెక్కు కూడా మార్చి 3ది, మూడు నెలల గడువు ఆ రోజుకో మర్నాటికో తీరిపోతుంది, మళ్ళీ బ్యాంకులో వేసే దారి కూడా లేనట్టే. కాక చెప్పినట్టు నాట్లు అయ్యాక పోయి ఉంటే నాకు ఫిబ్రవరిలో అయిన గతే ఆయనకూ అయ్యేది, అదీ నా వీడియో చూసి.

ఆ సాయంత్రమే నోటీసు తయారైంది. చెక్కు నంబరు, తేదీ, మొత్తం, మెమో తేదీ, ఏ బాకీకి ఇచ్చాడో, పదిహేను రోజుల్లో 1,40,000 కట్టాలని. ఖర్చులు, వడ్డీ, మానసిక వేదన అన్నీ కలిపి రెండు లక్షలు రాయమని మనవడు అడిగాడు. చెక్కు మొత్తం ఇంత అని విడిగా, స్పష్టంగా అడగకుండా అన్నీ కలిపి ఒకే అంకె రాస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చని బావ ఒప్పుకోలేదు. జూన్ 3న పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో, ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపాం. పోస్టు రసీదు సిరా నెల తిరక్కుండానే వెలిసిపోతుంది, అందుకని అప్పుడే రెండు జిరాక్సులు తీసి ఇచ్చాను. నా వంతు సాయం అదే. బావ ఫీజు తీసుకోలేదు, పోస్టు ఖర్చు కాక ఇచ్చాడు.

నోటీసు మహబూబాబాద్‌లో ఉన్న బేరగానికి జూన్ 7న చేరింది. పదో తారీఖున అతను కాకకు ఫోన్ చేశాడు. "నోటీసులెందుకు కాకా, ఇంటికి రా, మాట్లాడుకుందాం, ఆ చెక్కు పట్టుకరా" అని. కాక బయల్దేరబోతుంటే మనవడు ఆపి నాకు ఫోన్ చేశాడు. ఈసారి నేను సొంత తెలివి వాడలేదు, నేరుగా బావకు కలిపాను. అసలు చెక్కు చేతిలో నుంచి పోకూడదన్నాడు, మాట్లాడుకోవాలంటే జిరాక్సు తీసుకుని పోవచ్చు అన్నాడు. జూన్ 19న అతను బ్యాంకు ద్వారా 90,000 వేశాడు. మిగతా 50,000 "పండుగకు" అన్నాడు. ఏ పండుగకో చెప్పలేదు.

ఇక్కడ కూడా ఒక తొందర ఉంటుంది. పదిహేను రోజులు పూర్తి కాకముందే కోపంతో కేసు వేస్తే ఆ కేసు నిలబడదు. జూన్ 22 దాకా ఆగాలి. అది గడిచాక ఒక నెలలోపు వెయ్యాలి. బావ క్యాలెండరులో జూన్ 23 మీద పచ్చ పెన్నుతో, జూలై 21 మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఫొటో తీసి మనవడికి పంపాడు. జూలై 11న నర్సంపేట కోర్టులో కంప్లైంటు వేశారు, ముట్టిన 90,000 సంగతి అందులోనే రాసి. మహబూబాబాద్ దాకా తిరగాలేమోనని కాక ముందు నుంచీ బెంగ పెట్టుకున్నాడు. చెక్కు తన ఖాతాలో వేశాడు కాబట్టి తన ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే వెయ్యొచ్చు, 2015 నుంచి చట్టం అలా ఉంది. ఇది మా వీడియోలో లేదు. ఏడు నిమిషాలు దాటుతుందని నేనే కత్తిరించేశాను.

జూన్ 2 రాత్రే వీడియో తీసేద్దామన్నాను బావతో. అందులో చెప్పింది ఒక్క మాటా తప్పు కాదు, అదే నా బాధ. ముప్పై రోజులు కరెక్టు, సమాచారం అందిన రోజు నుంచి అన్నదీ కరెక్టు. కాక దాన్ని తన మెమోకు తగిలించుకుని చూసుకున్నాడు, ఫోన్‌లో మెసేజీ ఉందని మాకు తెలియదు, ఆయనకూ తెలియదు. సలహా అంటే ఆ ఫోన్ అడిగి చూడటమే. వీడియో ఎవరి ఫోనూ అడగలేదు. నేను మూడు సెకన్లు వేసిన ఆ గమనిక మాటేమిటని కాకను అడిగితే, "ఆఖర్ల నల్లగయింది, అయిపోయిందనుకున్న" అన్నాడు. ఆయనకు చిన్న అక్షరాలు ఆనవు. ఆనినా "పరిగణించరాదు" అంటే ఏం అర్థమవుతుంది?

జూన్ 15న రెండో వీడియో పెట్టాం, పాతది తీసేసి. గమనికను మొదటికి తెచ్చాం, అక్షరాలుగా కాదు, బావ నోటితోనే: "ఇది మీకు సలహా కాదు. మీ చెక్కు, మీ మెమో, మీ ఫోన్ల వచ్చిన మెసేజీ చూడకుండ ఎవ్వరూ మీకు సలహా చెప్పలేరు. నేను చెప్పేది చట్టంల ఏమున్నదో అంతే. మీ తేదీలు వకీలుతోటి లెక్కవెట్టించుకోండ్రి, ముందుగాల పోండ్రి." తేదీల భాగం రాగానే అదే మాట ఇంకోసారి చెప్పించాను. ముప్పై రోజుల లెక్క దగ్గర నమూనా మెమో పక్కన నమూనా ఎస్సెమ్మెస్ కూడా చూపించాం, ఏది ముందు వస్తే దాని నుంచి లెక్కేసుకుంటే క్షేమమని. కోర్టు ఎక్కడన్నదీ చేర్చాను. వీడియో తొమ్మిది నిమిషాలయింది, కానీ పోనీ అనుకున్నాను.

మొత్తం ఖర్చు 6,350 వచ్చింది. మైకు, రెండు రోజులు ఎడిటింగులో సాయపడిన పిల్లవాడికి 3,000, అచ్చులు, ఆటోలు, చాయలు. రాబడి సున్నా. మొదటి వీడియోకు ఉన్న వ్యూస్ పోయాయి, కొంచెం బాధేసింది, అబద్ధమెందుకు.

కాక కేసు మొదటి వాయిదా అయింది, బేరగాడు రాలేదు. ఇంకా నడుస్తోంది. మొన్న ములుగు నుంచి ఒకాయన చెక్కు ఫొటో, మెమో ఫొటో వాట్సాప్‌లో పెట్టి, "ఇంకా టైమున్నదా అన్నా, ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. మెమో మీద తేదీ చూశాను, లెక్క మనసులో అప్పుడే అయిపోయింది, వేలు టైపు చెయ్యబోయింది. ఆగి, ఆయనకు ఫోన్ చేశాను. "ఆ కాగితాలు, మీ ఫోను రెండూ పట్టుకుని ఇయ్యాలనే ఎవరన్న వకీలు దగ్గరికి పోండ్రి. దొరక్కపోతే 15100కు చెయ్యండ్రి" అన్నాను. "గంతేనా?" అన్నాడాయన, కొంచెం నిరాశగా. గంతే అన్నాను.